జుట్టు బర్గండీ, కనుబొమలు నలుపు: ఫొటోలో మార్చాల్సింది ఎంత?

జుట్టు రంగు ప్యాకెట్టు మీద ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ రంగును కనురెప్పల వెంట్రుకలకు, కనుబొమలకు వాడకూడదు, వాడితే చూపు పోయే ప్రమాదం ఉంది అని. చాలామంది దాన్ని పాటిస్తారు, పాటించి తీరాలి కూడా. అందువల్ల వచ్చే తేడా మాత్రం ఫొటోలు దిద్దే మా ముందుకు వస్తుంది. తలకు బర్గండీయో బ్రౌనో వేసుకుని వస్తారు, కనుబొమలు మాత్రం పాత నలుపులో, మధ్యమధ్య నెరిసి ఉంటాయి. హెన్నా పెట్టుకునేవాళ్లలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల వెంట్రుకలు నారింజ రంగుకు తిరుగుతాయి, కనుబొమలకు ఆ రంగు ఉండదు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. అదే ముఖం 12x18 ప్రింటులో కదలకుండా నిలబడ్డప్పుడు కళ్లు నేరుగా అక్కడికే పోతాయి.

అందుకే "జుట్టుకు తగ్గట్టు కనుబొమలు సరిచేయండి" అని అడగడంలో తప్పేమీ లేదు. అయితే మన స్టూడియోల్లో ఆ పని ఎక్కువగా జరుగుతున్న తీరు సరైనది కాదని నా అభిప్రాయం. జుట్టులోని రంగు తీసుకొచ్చి కనుబొమ మీద పోస్తున్నారు. ఒత్తు చేయమంటే గీతను బయటికి జరిపి లోపలంతా నింపేస్తున్నారు. కనుబొమ జుట్టుతో కలవాల్సింది ముందు ముదురులో, రంగు ఆ తర్వాతి సంగతి. ఒత్తు చేయాల్సింది కనుబొమ లోపలి ఖాళీల్లో, దాని అంచుల్లో కాదు. ఈ రెండు మాటలూ ఒక ఫొటో దగ్గర నాకు బాగా తెలిసొచ్చాయి.

ఒక షష్టిపూర్తి ఆల్బమ్ అది. పెద్దాయన పక్కన ఆయన భార్య, యాభై ఏడేళ్ల ఆవిడ. వేడుకకు ముందురోజు జుట్టుకు బర్గండీ వేయించుకున్నారు. కనుబొమలు నల్లగానే ఉన్నా, చెవివైపు చివర్లు బాగా పలచబడ్డాయి. విదేశంలో ఉన్న కూతురు వీడియో కాల్‌లో చూసి, "అమ్మ కనుబొమలు కాస్త ఒత్తుగా, జుట్టుకు మ్యాచ్ అయ్యేలా చేయండి అన్నా" అంది. తొందరలో నేను మొదటిసారి చేసింది అందరూ చేసేదే. ఫొటోషాప్‌లో, జుట్టులో మెరుస్తున్న చోటు నుంచి రంగు తీసుకుని, కొత్త లేయర్ మీద కనుబొమలంతా పూసి, దాని మోడ్ Color అని పెట్టాను. ప్రింటు చూసిన ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాబూ, కనుబొమల దగ్గర నాకు దద్దుర్లు వచ్చినట్టుంది కదా" అన్నారు.

ఆవిడ చూపు తప్పలేదు. Color మోడ్ కింద ఉన్న వెలుగునీ నీడనీ ముట్టుకోదు, రంగును మాత్రమే మారుస్తుంది. ఆ ఫైల్‌లో కనుబొమ వెంట్రుకల విలువలు ఎరుపు 38, ఆకుపచ్చ 32, నీలం 31 దగ్గర ఉన్నాయి. అంత చీకట్లో ఏ రంగు పోసినా నలుపు నలుపుగానే ఉంటుంది. వెంట్రుకల సందుల్లోంచి కనిపించే చర్మం అంత చీకటి కాదు, 170, 125, 100 దగ్గర ఉంది. పోసిన ఎరుపంతా అది పీల్చుకుంది. నల్ల వెంట్రుకలు, వాటి అడుగున ఎర్రబడ్డ చర్మం. దద్దుర్లలా కనిపించక ఇంకేమవుతుంది? నల్ల కనుబొమకు రంగు మార్చిన ఫొటో ఏదైనా కాస్త దగ్గరగా చూడండి. తప్పు జరిగితే అది చర్మం మీదే కనిపిస్తుంది.

రెండోసారి పని వరస మార్చాను. ముందు నలుపును కాస్త పైకి తేవాలి, అదీ వెంట్రుకల్లో మాత్రమే. దానికి కనుబొమల మేరకు మాస్క్ పెట్టి ఒక Curves లేయర్ వేసి, 35 దగ్గరున్న చీకటిని 55 దాకా లేపాను. లేయర్ స్టైల్‌లో Blend If అని ఉంటుంది. అందులో Underlying Layer వరసలో తెల్ల స్లైడర్‌ను ఎడమకు జరిపి, Alt నొక్కి రెండుగా విడగొట్టి, ఒక సగం 80 దగ్గర, ఇంకో సగం 125 దగ్గర ఉంచాను. దాంతో 80 కన్నా చీకటిగా ఉన్నవి మాత్రమే పూర్తిగా మారతాయి, 125 దాటినవి అసలు మారవు, మధ్యలో ఉన్నవి మెల్లగా కలుస్తాయి. ఆ ఫొటోలో చర్మం వెలుగు 125కు పైనే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఈ అంకెలు ఆ ఫొటోవి. చామనఛాయ ముఖాల్లో, కిటికీ వెలుగులో తీసిన వాటిలో చర్మం, వెంట్రుక ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి, స్లైడర్లు మరింత ఎడమకు రావాలి. చర్మం బాగా నలుపైతే ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు, మాస్క్‌లో వెంట్రుక వెంట్రుకా చేత్తో విడదీయాల్సిందే.

అప్పుడు రంగు. ఈసారి జుట్టు మెరిసే చోటు వదిలేసి, కణత దగ్గర నీడలో ఉన్న పాయ నుంచి తీసుకున్నాను. అక్కడ విలువ 84, 46, 44. మెరుపులో ఫ్లాష్ రంగు కూడా కలిసి ఉంటుంది, నీడలోనే అసలు రంగు ఉంటుంది. దాన్ని Color మోడ్‌లోనే, అవే Blend If హద్దులతో, 40 శాతం ఒపాసిటీకి తగ్గించి వేశాను. కనుబొమలు సుమారు 67, 47, 45 దగ్గర ఆగాయి. జుట్టు కన్నా ముదురు, జుట్టు కన్నా చాలా తక్కువ ఎరుపు. జుట్టంత ఎరుపు కనుబొమలో ఉంటే నాటకం మేకప్పులా ఉంటుంది. రంగేసుకున్న జుట్టు కింద సొంత కనుబొమ కొంచెం ముదురుగానే ఉంటుందని చూసేవాళ్లకూ అలవాటే. ఆ అలవాటును చెడగొట్టకుండా తేడాను సగానికి తగ్గిస్తే చాలు.

ఒత్తు చేయడం ఇంకా ఓపిక పని. ఆ ఫైల్‌లో ఆవిడ ముఖం అడ్డంగా దాదాపు 2800 పిక్సెళ్లు. ఆ సైజులో ఒక కనుబొమ వెంట్రుక రెండు మూడు పిక్సెళ్ల మందం ఉంటుంది. బ్రష్ అంతే ఉండాలి, పెన్ టాబ్లెట్ ఒత్తిడికి చివర సన్నబడాలి. పది పిక్సెళ్ల బ్రష్‌తో గీస్తే దూరం నుంచి కాటుక గీతలా కనిపిస్తుంది. గీత దిక్కు కూడా ముఖ్యమే. ముక్కువైపు మొదట్లో వెంట్రుకలు దాదాపు నిటారుగా పైకి లేస్తాయి. మధ్యకు వచ్చేసరికి చెవివైపు వాలతాయి. అక్కడ పై అంచువి కిందికి, కింది అంచువి పైకి వంగి మధ్యలో ఒకదాన్నొకటి కలుస్తాయి. కనుబొమ వెన్ను అనుకోండి. చివర్లో అన్నీ కలిసి చెవివైపు దిగుతాయి. ఈ వెన్ను పోగొట్టి అన్ని గీతలూ ఒకే వాలులో గీస్తే దువ్వెనతో దువ్వినట్టు ఉంటుంది. మనిషి ముఖం మీద అలాంటి కనుబొమ ఉండదు.

ముందు అడుగున ఒక మెత్తటి నీడ వేశాను, Multiply మోడ్‌లో, గోధుమ రంగుతో, పది శాతానికి మించకుండా. ఒత్తుగా ఉన్న భ్రమ సగం దీనివల్లే వస్తుంది. దాని మీద మూడు ముదుర్ల గోధుమ రంగుతో ఒక్కో కనుబొమకు నలభై గీతల దాకా, ఖాళీల్లో మాత్రమే. నెరిసిన వెంట్రుకల్లో బాగా మెరుస్తున్నవి నాలుగైదు తగ్గించి, మిగిలినవి ఉంచేశాను. అన్నీ తీసేస్తే కింద కంటి ముడతలకూ పైన కనుబొమలకూ వయసు కుదరదు.

పలచబడ్డ చివర్ల దగ్గర చెయ్యి ఆగింది. ఎంత దూరం గీయాలి? ఊహించి గీస్తే అది నా గీత అవుతుంది, ఆవిడది కాదు. పాత ఫొటో ఏదైనా ఉందా అమ్మా అని అడిగితే కూతురి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ తీసుకొచ్చారు. అందులో ఆవిడ ఎడమ కనుబొమ చివర కుడిదాని కన్నా కొంచెం కిందికి దిగి ఉంది. అలాగే దింపాను. ఇక్కడ చాలామంది చేసే ఇంకో తప్పు చెప్పాలి. బాగున్న కనుబొమను కాపీ చేసి తిప్పి రెండోవైపు పెడతారు. వెలుగు ఒకవైపు నుంచి పడుతుంటే తిప్పిన కనుబొమలో నీడ తప్పు దిక్కున ఉంటుంది. నీడ సరిచేసినా, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు కనుబొమలు ఆ ముఖానివి అనిపించవు.

కనుబొమ మనిషి గుర్తు. ఇది నా చాదస్తం కాదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పేరున్నవాళ్ల ఫొటోల్లో కొన్నింటికి కళ్లు, కొన్నింటికి కనుబొమలు చెరిపేసి జనానికి చూపించారు. కళ్లు లేని ముఖాల కన్నా కనుబొమలు లేని ముఖాలను గుర్తుపట్టడమే వాళ్లకు కష్టమైంది. రంగూ ముదురూ కొంత మారితే మనిషి మారిపోడు. వంపు, పొడవు, రెండింటి మధ్య ఎడం మారితే ఇంట్లోవాళ్లే తడబడతారు. అందుకే గీత జరపమని కస్టమర్ అడిగినా నేను ఒకసారి ఆగి, ఆ ముఖం ఎవరిదో వాళ్లనే అడగమంటాను. ఈ కోరిక చాలాసార్లు ఫొటోలో ఉన్నవాళ్ల నుంచి రాదు, చూసేవాళ్ల నుంచి వస్తుంది.

వీసా ఫొటో సంగతి వేరు. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఆల్బమ్‌కు చేసినట్టే వీసా ఫొటోకూ చేసిపెట్టమంటారు. రూపం మారేలా కంప్యూటర్లో దిద్దిన ఫొటో చెల్లదని అమెరికా నిబంధన స్పష్టంగా చెబుతోంది. అక్కడ ఒక్క గీత కూడా వద్దు.

ఇక పని కుదిరిందో లేదో తేల్చుకోవడం. నాలుగు వందల శాతం జూమ్‌లో గంటసేపు పనిచేశాక కన్ను మొద్దుబారుతుంది. అప్పుడు మూడు పనులు చేస్తాను. పైన ఒక నలుపు-తెలుపు లేయర్ పెట్టి చూస్తాను. రంగు లేకుండా చూసినప్పుడు కనుబొమ ఒక నల్ల పట్టీలా లేచి కనిపిస్తే ముదురు ఎక్కువైనట్టు. బొమ్మను అద్దంలోలా తిప్పి చూస్తాను, అప్పటిదాకా పట్టని వంకర అప్పుడు దొరుకుతుంది. చివరికి ముఖం బొటనవేలి గోరంత అయ్యేదాకా తగ్గించి, ముందుగా నా చూపు ఎక్కడ పడుతుందో చూసుకుంటాను. కళ్ల మీద పడాలి. కనుబొమల మీద పడితే లేయర్ ఒపాసిటీ ఇంకా తగ్గాలి. ఆల్బమ్ ప్రింటు సాధారణంగా స్క్రీన్ కన్నా ముదురుగా వస్తుంది కాబట్టి ముఖం మేరకు ఒక చిన్న ముక్క ముందే ప్రింటు వేయించి చూడటం మంచిది.

ఆ షష్టిపూర్తి ఫొటోకు అలా వేయించిన ముక్కలో చివర్లు ఇంకా ముదురుగానే ఉన్నాయి. గీతల లేయర్‌ను 100 నుంచి 70 శాతానికి తగ్గించి మళ్లీ వేయించాను. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పాత ఆల్బమ్ పక్కన పెట్టి చూసుకున్నారు. "ఏం మార్చావు బాబూ?" అని అడిగారు. ముందు ప్రింటు, తర్వాతి ప్రింటు పక్కపక్కన పెట్టి చూపించాను.

"పెద్దది ఇదే వేయించు" అన్నారు.