బిల్లు నంబర్‌లో సున్నాలు చూపులకే ఉంటే చాలదు

ఇన్‌వాయిస్ నంబర్‌కు ముందు అక్షరాలు, మధ్యలో సున్నాలు పెట్టే అలవాటు ఇప్పుడు చిన్న షాపుల దాకా వచ్చింది. మంచిదే. కానీ ఎక్సెల్‌లో బిల్లులు కొట్టేవాళ్లలో చాలామంది ఆ సున్నాలను సెల్ ఫార్మాట్‌తో తెప్పిస్తున్నారు. ఈ పద్ధతిని బిల్లింగ్ షీట్ల నుంచి పూర్తిగా తీసేయాలి. ఇన్‌వాయిస్ కోడ్ అంకె కాదు, పేరు లాంటిది. ఒకసారి పుట్టాక బిల్లు కాగితం మీద, రిటర్న్‌లో, కొన్నవాళ్ల లెక్కల్లో ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపు ఉందనుకుందాం. ఎ కాలమ్‌లో 1, 2, 3 అని వరుస నంబర్లు. అకౌంటెంట్ ఆ కాలమ్‌ను సెలెక్ట్ చేసి, కస్టమ్ ఫార్మాట్‌లో ఇలా కొడతాడు:

```
"VJA/25-26/"00000
```

వెంటనే సెల్‌లో VJA/25-26/00007 అని ముచ్చటగా కనబడుతుంది. ప్రింట్ తీస్తే బిల్లు మీద కూడా అదే వస్తుంది. కానీ ఆ సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ ఉండేది 7 మాత్రమే. నెలాఖరున ఆ కాలమ్‌ను కాపీ చేసి రిటర్న్ షీట్‌లో పేస్ట్ వాల్యూస్ కొడితే వెళ్లేది ఆ 7 ఒక్కటే. అదే అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లోకి ఎక్కుతుంది. కొన్న మెకానిక్ షాపు తన కొనుగోలు రిజిస్టర్‌లో బిల్లు చూసి పూర్తి కోడ్ రాసుకుంటుంది. అమ్మినవాళ్ల రిటర్న్‌ల నుంచి పోర్టల్ తయారుచేసే దాని కొనుగోళ్ల జాబితా జీఎస్టీఆర్-2బిలో కనబడేది 7. రెండూ కలవవు. జీఎస్టీఐఎన్ ఒకటే, తేదీ ఒకటే, మొత్తం ఒకటే, అయినా మ్యాచింగ్ షీట్‌లో ఎర్రగా నిలబడుతుంది. అక్కడి అకౌంటెంట్ ఇక్కడికి ఫోన్ చేస్తాడు, ఇది తేలేదాకా పేమెంట్ ఆపమని వాళ్ల ఓనర్ అంటాడు. సరుకు సరిగ్గా పంపి, పన్ను సరిగ్గా కట్టినవాడికి ఈ టెన్షన్ ఎందుకు?

దీనికి మందు పక్క కాలమ్‌లో రాసే ఒక్క ఫార్ములా:

```
="VJA/25-26/"&TEXT(A2,"00000")
```

ఇక్కడ సున్నాలు చూపులకు మాత్రమే కాదు, సెల్ విలువలోనే ఉంటాయి. ఎక్కడ పేస్ట్ చేసినా కోడ్ మొత్తం వెళ్తుంది. బిల్లు ఇచ్చేశాక ఆ ఫార్ములాను కూడా విలువగా మార్చేయాలి. కొందరు A2 బదులు ROW() వాడతారు. మధ్యలో ఒక వరుస డిలీట్ అయితే కింద ఉన్న ప్రతి బిల్లుకూ కోడ్ ఒకటి వెనక్కి జరుగుతుంది. ఇప్పటికే కస్టమర్ చేతిలో ఉన్న కాగితం మాత్రం జరగదు.

అసలు చట్టం సున్నాలు అడగలేదు కదా అనేవాళ్లున్నారు. నిజమే. సీజీఎస్టీ నిబంధనలు 2017లోని 46వ రూల్ అడిగేది ఇంతే: వరుస నంబర్, 16 అక్షరాలకు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ తప్ప మరేమీ వాడకూడదు. 1, 2, 3 అని రాసినా చెల్లుతుంది, టైపింగ్ తప్పులు కూడా తగ్గుతాయి. రోజుకు పది బిల్లులు చేత్తో రాసే కొట్టుకు ఆ మాట సరిపోతుంది. కంప్యూటర్‌లో సార్ట్ చేసేవాడికి సరిపోదు. అక్షరాలతో కలిసిన నంబర్‌ను కంప్యూటర్ ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చి వరుస పెడుతుంది కాబట్టి VJA-1 తర్వాత VJA-10, VJA-100 వచ్చి, ఆ తర్వాతెప్పుడో VJA-2 వస్తుంది. జీఎస్టీఆర్-1లోని 13వ టేబుల్ ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా బిల్లులిచ్చారు, ఎన్ని రద్దు చేశారు అని అడుగుతుంది. సున్నాలు లేని జాబితాలో ఆఖరున కనబడేది ఆఖరి బిల్లు కాదు. మధ్యలో ఒకటి మాయమైనా కంటికి ఆనదు.

ప్రిఫిక్స్ లేకుండా సున్నాలు మాత్రమే పెడదామన్నా కుదరదు. బిల్లులను ఆన్‌లైన్‌లో నమోదుచేసే ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ సున్నాతో మొదలయ్యే నంబర్‌ను తీసుకోదు. 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఈ ఏడాది ఆ గీత దాటబోయే షాపు 00001 అని మొదలుపెడితే రేపు సిరీస్ మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది. పైగా ఉత్త 00001ను సీఎస్‌వీ ఫైల్‌లో ఎక్సెల్‌తో తెరిస్తే సున్నాలు ఎగిరిపోతాయి. ముందు ఒక్క అక్షరమున్నా అది టెక్స్ట్‌గా నిలబడుతుంది, సున్నాలూ నిలుస్తాయి.

ఇక అంకెల వెడల్పు. ఎక్కువ గందరగోళం జరిగేది ఇక్కడే. మన షాపు రోజుకు 60 బిల్లుల చొప్పున 300 రోజులు పనిచేస్తే ఏడాదికి 18,000 అవుతాయి. నాలుగు అంకెలు పెట్టుకుంటే 167వ పనిరోజుకే 9,999 అయిపోతుంది. అంటే ఏప్రిల్‌లో మొదలుపెట్టినవాడికి అక్టోబర్‌లో, సరిగ్గా దసరా, దీపావళి గిరాకీ సమయంలో. అప్పుడేం జరుగుతుందన్నది ఏ ఫార్ములా వాడారన్న దాన్ని బట్టి ఉంటుంది. TEXT వాడితే పదివేలవ బిల్లుకు ఐదో అంకె వస్తుంది. వరుస చెడుతుంది గానీ నంబర్ నిజమైనదే. చాలా షీట్లలో కనబడే ఈ రెండో రకం మాత్రం ప్రమాదం:

```
="VJA/25-26/"&RIGHT("0000"&A2,4)
```

ఇది కుడివైపు నాలుగు అంకెలే ఉంచుకుంటుంది. 10000 కాస్తా 0000 అవుతుంది, 10001 కాస్తా 0001 అవుతుంది. ఏప్రిల్ మొదటి బిల్లు నంబరే అక్టోబర్‌లో మళ్లీ పుట్టిందన్నమాట. షీట్ ఏ ఎర్రర్ చూపించదు. బిల్లులు వెళ్లిపోతాయి, రిటర్న్ వేసేటప్పుడు పోర్టల్ డూప్లికేట్ అని తిప్పికొట్టేదాకా ఎవరికీ తెలియదు. ఈ ఫార్ములా మీ షీట్‌లో ఉంటే ఈరోజే మార్చండి.

ఐదు అంకెలు కావాలి సరే, 16 అక్షరాల్లో పడుతుందా? VJA/2025-26/00001 అని రాస్తే 17 అవుతుంది, ఒక్క అక్షరం ఎక్కువ. సంవత్సరాన్ని 25-26 అని కుదిస్తే 15. ఇంకో అక్షరానికి చోటు మిగులుతుంది, రెండో బ్రాంచి తెరిచిన రోజున పనికొస్తుంది. ట్యాలీ వాడేవాళ్లకు ఇవన్నీ వోచర్ టైప్‌లోనే ఉన్నాయి: ప్రిఫిక్స్, అంకెల వెడల్పు, ముందు సున్నాలు నింపాలా వద్దా, ఏడాదికోసారి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. ఏప్రిల్ 1కి ముందే ఈ లెక్క వేసుకుని నింపితే ఏడాదంతా దాని జోలికి వెళ్లక్కర్లేదు.

నిజానికి నా కోపం ఆ అకౌంటెంట్ కుర్రాడి మీద కాదు. అతను బీకాం కంప్యూటర్స్ చదివే వచ్చాడు. ఏ మెనూలో ఏముందో, ట్యాలీలో ఏ కీ నొక్కితే ఏ వోచర్ తెరుచుకుంటుందో బాగా నేర్పారు. సెల్‌లో కనబడేదీ సెల్‌లో ఉన్నదీ వేర్వేరు కావచ్చని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తేదీలు తలకిందులవడం, ఫోన్ నంబర్ ముందు సున్నా పోవడం, బ్యాంకు ఖాతా నంబర్ చివరి అంకెలు మారిపోవడం, అన్నిటి వెనకా ఉన్నది ఇలాంటి సంగతే: మనం కొట్టినదీ సెల్ దాచుకునేదీ ఒకటి కాకపోవడం. మన డిగ్రీ కాలేజీలు మూడేళ్లు కంప్యూటర్ పేరు చెప్పి ఫీజు తీసుకుని, ఉద్యోగంలో మొదటి నెలలోనే అవసరమయ్యే ఈ సంగతి వదిలేయడం అన్యాయం. ల్యాబ్ పరీక్షలో పట్టికకు రంగులు వేయించడం మానేసి పదివేల వరుస నంబర్లు ఇవ్వండి. ప్రిఫిక్స్ పెట్టి కోడ్‌లు తయారుచేయమనండి, పదివేలవ కోడ్ ఎలా వచ్చిందో చూపించమనండి, వాటిని ఇంకో షీట్‌లో విలువలుగా పేస్ట్ చేయించి సున్నాలు మిగిలాయో లేదో చూసి మార్కులు వేయండి.