మాస్టారి ‘వినయ విధేయతలు’ ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాలి?

పోయిన నవంబరులో మా ఊరి వైపు తెలుగు మాస్టారు ఒకరు చేత్తో రాసిన సిఫారసు లేఖ నా దగ్గరికి వచ్చింది. ఎం.ఏ.లో ఆయన దగ్గర చదివిన అమ్మాయి ఇక్కడ అమెరికాలో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతోంది. లేఖను ఇంగ్లీషు చేసిపెట్టమని మాస్టారు అడిగారు.

‘వినయ విధేయతలు గల విద్యార్థిని. గురువుల పట్ల భక్తిశ్రద్ధలు మెండు. చదువుల సరస్వతి. మా ఇంటి పిల్లలాంటిది.’ ఒకటిన్నర పేజీ ఇలాగే సాగింది. తెలుగులో చదివితే ఆ మాటల వెనక నిజమైన ఆప్యాయత కనిపిస్తుంది. అదే మాటకు మాట దింపితే కథ మారిపోతుంది. ‘ఒబీడియంట్’ అంటే చెప్పింది చేసుకుపోయే మనిషి అని ఇక్కడి ప్రొఫెసర్లు అనుకుంటారు. పరిశోధనకు వాళ్లు వెతికేది అలాంటివాళ్లను కాదు. ‘కూతురులాంటిది’ అని చదివితే బంధువేమో అన్న అనుమానం వస్తుంది. సరస్వతి దగ్గరికి వచ్చేసరికి మిగతా లేఖ మీద కూడా నమ్మకం పోతుంది.

ఇది తెలిసిన మనవాళ్లు చాలామంది రెండో దారి పడతారు. మాస్టారి లేఖ పక్కన పెట్టేసి, ‘ఔట్‌స్టాండింగ్’ లాంటి మాటలతో కొత్తది రాసి ఆయన చేత సంతకం పెట్టిస్తారు. నాకు ఇది మొదటిదానికంటే పెద్ద తప్పనిపిస్తుంది. సంతకం ఆయనది, మాటలు మనవి. పైగా అనువాదం కింద ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది మూలానికి పూర్తిగా, సరిగ్గా చేసిన అనువాదం’ అని రాసి సంతకం పెట్టేది మనమే.

అందుకని మాస్టారికి ఫోన్ చేశాను. “మాస్టారూ, వినయం, విధేయత అన్నారు కదా, ఏం చూసి రాశారు?” అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు.

“డిసర్టేషన్‌లో మొదటి అధ్యాయం మూడుసార్లు తిప్పి పంపానండి. ముఖం చిన్నబుచ్చుకోకుండా మూడుసార్లూ తిరగరాసింది. ఒక మాటకు నేను చెప్పిన అర్థం మాత్రం ఒప్పుకోలేదు. జాలరుల దగ్గర రికార్డు చేసుకొచ్చింది వినిపించి, ‘వీళ్లు ఇలా వాడటం లేదు మాస్టారూ’ అంది. అదీ క్లాసులో కాదు, సాయంత్రం అందరూ వెళ్లాక వచ్చి చెప్పింది. నేనే మార్చుకున్నాను.”

ఆయన వినయం అన్నది దీన్నే. గురువుతో విభేదించింది, ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చలేదు. లేఖలో మాత్రం ఈ ముక్క ఎక్కడా లేదు. విన్నాను కదా అని నేను ఇంగ్లీషులో చేర్చకూడదు. మూలంలో లేనిది అనువాదంలోకి రాకూడదు. “మాస్టారూ, ఇదే తెలుగులో రాసి మళ్లీ పంపండి” అన్నాను.

వారం తర్వాత కొత్త లేఖ వచ్చింది. ఇంగ్లీషులో ‘విధేయత’ను ‘రెస్పెక్ట్‌ఫుల్’ అన్నాను. వెంటనే ఆ సాయంత్రం సంగతి వస్తుంది కాబట్టి ఆ మాటకు అపార్థం రాదు. ‘మా ఇంటి పిల్ల’ స్థానంలో ఎన్నాళ్లు, ఏ పేపర్లు చెప్పారో ఆయనే రాశారు. సరస్వతి స్థానంలో 22 మంది ఉన్న క్లాసులో రెండో స్థానం, 71 శాతం అని వచ్చింది. ఇక్కడ 71 అంటే సి గ్రేడులా కనబడుతుంది. దాన్ని జీపీఏగా మార్చడం అనువాదకుడి పని కాదు. 60 శాతానికే ఫస్ట్ క్లాస్ అన్న ముక్క కూడా మాస్టారే తన లేఖలో చేర్చారు. చివర ఉన్న ‘శుభాశీస్సులతో’ను మాత్రం తీసేయలేదు. చూసిన సంగతులు అన్ని చెప్పాక ఒక గురువు దీవిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ గొంతు అక్కడ ఉండాలి కూడా.

ఈలోగా అమ్మాయి నాన్నగారు ఒక కాపీ పంపమన్నారు. కుదరదన్నాను. దరఖాస్తులో ఆ అమ్మాయి లేఖను చూసే హక్కు వదులుకున్నట్టు టిక్ పెట్టింది. విద్యార్థుల రికార్డుల గురించి ఇక్కడ ఉన్న 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చిన హక్కు అది. వదులుకున్న తర్వాత అనువాదకుడి ద్వారా లేఖ ఇంటికి చేరితే ఆ టిక్కుకు అర్థం లేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. మూలం, అనువాదం, నా ధ్రువీకరణ ఒకే పీడీఎఫ్‌గా చేసి మాస్టారికే పంపాను. యూనివర్సిటీ నుంచి ఆయనకు వచ్చిన లింకులో ఆయనే ఎక్కించాలి.

ఎక్కించే ముందు మాస్టారు వాళ్లబ్బాయి చేత ఇంగ్లీషు ప్రతిని చదివించుకుని, వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకున్నారట. ఒకచోట ఆగి నాకు ఫోన్ చేశారు. అమ్మాయి రాత గురించిన వాక్యంలో నేను ‘ఎక్స్‌లెంట్’ అని పెట్టాను.

“నేను ‘బాగా రాస్తుంది’ అనే రాశాను కదండీ,” అన్నారు.

‘రైట్స్ వెల్’ అని మార్చి పంపాను.