ఆ పసుపు మెరుపు గుర్తును దాచేయకండి, ముందు కేబుల్ చూడండి

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడేవాళ్లకి స్క్రీన్ కుడివైపు పైమూల వచ్చే పసుపు మెరుపు గుర్తు బాగా తెలిసిందే. అది వచ్చిందని ఎవరైనా అడగడమే ఆలస్యం, "config.txt లో avoid_warnings=1 పెట్టెయ్, పోతుంది" అని సలహా వచ్చేస్తుంది. ఈ సలహా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. దాంతో పోయేది గుర్తు ఒక్కటే, తగ్గిన ఓల్టేజ్ అలాగే ఉంటుంది. అదే లైన్‌లో 1 బదులు 2 పెట్టమనేవాళ్లు ఇంకా ఘోరం. ఓల్టేజ్ చాలకపోయినా ప్రాసెసర్‌ని ఫుల్ స్పీడులో తిరగనివ్వమని దానర్థం.

ఆ గుర్తు ఎప్పుడు వస్తుందో ముందు చెప్తాను. బోర్డు మీద ఓల్టేజ్‌ని కనిపెట్టే చిన్న సర్క్యూట్ ఉంటుంది. బోర్డుకి చేరే 5 ఓల్టులు సుమారు 4.63 కంటే తగ్గితే అది హెచ్చరిస్తుంది. బోర్డుకి చేరేది అన్నాను, ఛార్జర్ దగ్గర ఉన్నది అనలేదు. గొడవంతా ఈ రెండింటి మధ్యే ఉంది. చాలామంది ఛార్జర్ మీద అచ్చేసిన నంబరు చూసి "నాది 65 వాట్లు, దీనికి ఓల్టేజ్ ఎందుకు తగ్గుతుంది" అని వాదిస్తారు. ఆ 65 వాట్లు వచ్చేది ఫోను, ఛార్జర్ మాట్లాడుకుని ఓల్టేజ్ పెంచుకున్నప్పుడో, ఆ కంపెనీ ఫోనే అని గుర్తుపట్టినప్పుడో. రాస్‌ప్‌బెర్రీ పై 4 మోడల్ అలాంటి బేరమేమీ ఆడదు, మామూలు 5 ఓల్టులే తీసుకుంటుంది. కాబట్టి ఛార్జర్ వెనక సన్న అక్షరాల్లో 5V ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అక్కడ తరచూ 2A అనే ఉంటుంది.

ఇంకో తేడా ఉంది. ఫోన్‌లో బ్యాటరీ ఉంటుంది, ఓల్టేజ్ పడిపోతుంటే అది తీసుకునే కరెంటు తగ్గించుకుని నెమ్మదిగా ఛార్జ్ అవుతుంది. మనకి తెలియను కూడా తెలియదు. రాస్‌ప్‌బెర్రీ పైకి ఆ వెసులుబాటు లేదు, ఆ క్షణానికి కావలసింది ఆ క్షణానికే అందాలి. "ఇదే ఛార్జర్‌తో ఫోన్ బాగానే ఎక్కుతోంది కదా" అన్న మాట అందుకే ఇక్కడ పనికిరాదు.

నా అనుభవంలో మాత్రం ఛార్జర్ కంటే కేబులే ఎక్కువసార్లు దొంగ. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇంట్లో మోటరు వేయగానే బల్బు డిమ్ అయిపోతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. వైరు ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉంటే దారిలోనే అంత ఓల్టేజ్ పోతుంది. పైగా కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. మీటరు కేబుల్ అంటే లెక్కకి రెండు మీటర్ల రాగి.

ఈ మధ్య మా తమ్ముడు తెచ్చిన కేసు చెప్తాను. పై 4, కొత్త ఛార్జర్, మీటరు కేబుల్. డెస్క్‌టాప్ వచ్చేదాకా బాగానే ఉంటుంది, బ్రౌజర్‌లో వీడియో పెట్టగానే మెరుపు. "అన్నా, బోర్డే పోయిందేమో" అని వాడి టెన్షన్. నేను బోర్డు జోలికి పోకుండా కేబుల్‌ని లైటు కింద పెట్టి తొడుగు మీది అక్షరాలు చదివాను: 28AWG/1P 28AWG/2C. ఇందులో 1P అన్నది డేటా వైర్ల జత, 2C అన్నది కరెంటు మోసే రెండు వైర్లు. AWG నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 28 అంటే బాగా సన్నం, రెండు మీటర్లకి సుమారు 0.43 ఓమ్‌లు.

ఇప్పుడు లెక్క చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ బోర్డు 0.6 ఆంపియర్ లాగుతోందనుకుందాం. కేబుల్‌లో 0.26 ఓల్టులు పోతాయి, ఛార్జర్ సరిగ్గా 5 ఇస్తే బోర్డుకి 4.74 చేరుతుంది. గుర్తు రాదు. నాలుగు కోర్లూ పనిలో పడి 1.2 ఆంపియర్ లాగితే 0.52 ఓల్టులు పోయి 4.48 మిగులుతుంది. మెరుపు వచ్చేస్తుంది. బోర్డుకీ ఏం కాలేదు, ఛార్జరూ చెడిపోలేదు. అదే ఛార్జర్‌కి 24AWG/2C అని రాసిన కేబుల్ పెడితే ఆ 0.52 కాస్తా 0.2 అవుతుంది, బోర్డు దగ్గర 4.8 ఉంటుంది. వాడికి కేబుల్ ఒక్కటే మార్పించాను, గుర్తు మళ్లీ రాలేదు. రాస్‌ప్‌బెర్రీ పై కంపెనీ సొంత అడాప్టర్ 5.1 ఓల్టులు ఇవ్వడం, దాని కేబుల్ ఊడదీయడానికి వీల్లేకుండా మందంగా ఉండటం ఊరికే కాదు. దారిలో పోయేదాన్ని వాళ్లు ముందే లెక్కేసుకున్నారు.

తొడుగు మీద ఏమీ రాయని కేబుల్స్ కూడా బోలెడు. అప్పుడు మల్టీమీటర్ తీయండి. బోర్డు పిన్నుల్లో 4వ పిన్ను 5 ఓల్టులు, 6వ పిన్ను గ్రౌండ్. పక్కపక్కనే ఉంటాయి, ప్రోబ్ జారి రెండూ తగలకుండా జాగ్రత్త. కొలిచేటప్పుడు బోర్డు పనిలో ఉండాలి, ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తేలదు. కేబుల్‌ని ప్లగ్ దగ్గర కాస్త కదిపి చూడండి. అంకె ఎగిరెగిరి పడుతుంటే ప్లగ్‌లో వదులు ఉన్నట్టు. పై 3 దాకా వాడిన మైక్రో యూఎస్‌బీ సాకెట్లలో ఇది మరీ ఎక్కువ. మధ్యలో ఆన్ ఆఫ్ స్విచ్ ఉన్న కేబుల్స్, అయస్కాంతం మొన ఉన్న కేబుల్స్ దగ్గరా ఇదే గొడవ, అతుకు ఉన్నచోటల్లా కొంత పోతుంది.

మీటర్‌లో 4.8 కనిపిస్తూ కూడా మెరుపు వచ్చిందంటే మీటర్‌ని తిట్టకండి. క్షణంలో పడి లేచే ఓల్టేజ్‌ని మామూలు మల్టీమీటర్ చూడలేదు, బోర్డు చూస్తుంది. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడు ఇది మామూలే. డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ ఒక్క క్షణం బాగా లాగుతుంది. దానికి సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టాలి తప్ప బోర్డు మీద భారం వేయకూడదు.

స్క్రీన్ లేకుండా నడిపేవాళ్లు ఇది కొట్టండి:

```
vcgencmd get_throttled
```

throttled=0x0 వస్తే ఆన్ చేసినప్పటినుంచి ఏ ఇబ్బందీ లేనట్టు. 0x50005 వస్తే ఇప్పుడే ఓల్టేజ్ తక్కువగా ఉంది, స్పీడూ తగ్గించేసింది. 0x50000 అయితే ఇప్పుడు బాగానే ఉంది, ఇంతకుముందు ఒకసారైనా పడింది. కేబుల్ మార్చాక రీబూట్ చేసి చూడండి, లేకపోతే పాత మచ్చే కనిపిస్తూ ఉంటుంది.

పట్టించుకోకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లకి: 1500 లేదా 1800 మెగాహెర్ట్జ్‌లో నడవాల్సిన పై 4 అప్పుడు 600కి పడిపోతుంది, మనం సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. హార్డ్‌డిస్క్ మధ్యలో ఊడిపోతుంది. ఏదో రాస్తుండగా కరెంటు చాలకపోతే ఎస్‌డీ కార్డులో ఫైళ్లు పాడవుతాయి, అప్పుడు అందరూ కార్డు నాసిరకం అంటారు.

పై 5 సంగతి కొంచెం వేరు. దానికి 5 ఓల్టుల దగ్గరే 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కావాలి, ఫోన్ ఛార్జర్లలో అది దొరకడం అరుదు. 3 ఆంపియర్లదైనా నడుస్తుంది కానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే వదులుతుంది. పై జీరో వాడేవాళ్లు మాత్రం మెరుపు రాలేదు కదా అని ధీమాగా ఉండకండి. జీరో బోర్డుల్లో ఓల్టేజ్‌ని కనిపెట్టే ఆ సర్క్యూటే లేదు, మల్టీమీటర్‌తో మీరే కొలుచుకోవాలి.