ప్యాకేజీని పన్నెండుతో భాగిస్తే ఇంటి బడ్జెట్ రాదు

«మీ ప్యాకేజీని పన్నెండుతో భాగించండి. వచ్చిన దాంట్లో సగం అవసరాలకు, ముప్పై శాతం సరదాలకు, మిగతా ఇరవై శాతం పొదుపుకు. ఈఎంఐలన్నీ అవసరాల్లో వేసుకోండి. చిట్టీలు, బంగారం పొదుపులో వేసుకోండి. జీతం ఎంతైనా ఇదే లెక్క.»

వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సందేశంలో పేర్కొన్న సూత్రానికి మూలం అమెరికాలో ఉంది. ఎలిజబెత్ వారెన్, ఆమె కుమార్తె అమేలియా వారెన్ త్యాగి 2005లో రాసిన పుస్తకం ద్వారా అది ప్రచారంలోకి వచ్చింది. అక్కడ విభజించమన్నది పన్ను పోగా మిగిలిన ఆదాయాన్ని. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట జారిపోయి, ఆ స్థానంలో ప్యాకేజీ వచ్చి కూర్చుంది. మొదటి పొరపాటు అదే, దాని ఖరీదు కూడా ఎక్కువే.

హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉండే ముగ్గురు సభ్యుల కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. సంపాదించేది ఒక్కరే, ప్యాకేజీ ఏడాదికి 7,20,000 రూపాయలు, అంటే కాగితం మీద నెలకు 60,000. అందులో సంస్థ తన వంతుగా కట్టే పీఎఫ్ 3,000, గ్రాట్యుటీ కింద చూపించే సుమారు 1,200 అసలు జీతపు చీటీలోకే రావు. మిగిలిన 55,800 నుంచి ఉద్యోగి వంతు పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200, ఆరోగ్య బీమా ప్రీమియం 600 పోతే బ్యాంకు ఖాతాలో పడేది 52,000. కాగితం మీది అరవై వేలను విభజించుకున్న ఇల్లాలు 30,000 అవసరాలకు, 18,000 సరదాలకు, 12,000 పొదుపుకు అని రాసుకుంటుంది. లేని ఎనిమిది వేలు ఎక్కడ తెగుతాయో చెప్పడానికి జోస్యం అక్కరలేదు. అద్దె ఆగదు, సరదాలు ముందే జరిగిపోతాయి, కాబట్టి నెలాఖరున పన్నెండు వేల పొదుపు నాలుగు వేలకు దిగుతుంది.

విభజించవలసిన మొత్తం 60,000 కాదు, అలాగని 52,000 కూడా కాదు. ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్ ఖర్చు కాదు, అది పొదుపే. బీమా ప్రీమియం అవసరమే. కాబట్టి ఆ రెండింటినీ తిరిగి కలుపుకుని, పన్ను మాత్రమే తీసేస్తే 55,600 వస్తుంది. అందులో ఇరవై శాతం 11,120. పీఎఫ్ రూపంలో 3,000 ఇప్పటికే వెళ్ళిపోయింది కనుక, ఖాతాలోంచి ఇంకా పక్కన పెట్టవలసింది 8,120 మాత్రమే.

ఇక ఈఎంఐల సంగతి. వాయిదా ఆపడానికి వీలులేదు కాబట్టి అది అవసరమే అనే వాదన వినడానికి బాగుంటుంది. కానీ ఆపలేకపోవడం అప్పు లక్షణం, వస్తువు లక్షణం కాదు. ఉద్యోగం పోయి ఆరు నెలలు ఇంట్లో కూర్చోవలసి వస్తే ఆ వస్తువు లేకుండా గడుస్తుందా అని అడిగితే, అది ఏ వరుసలోకి వస్తుందో తేలుతుంది. పనికి వెళ్ళే బండి వాయిదా అవసరమే. పాత ఫోను పనిచేస్తుండగానే కొన్న 30,000 రూపాయల కొత్త ఫోనుకు పన్నెండు నెలల పాటు కట్టే 2,500 మాత్రం, వాయిదాలు ముగిసే దాకా సరదాల వరుసలోనే ఉండాలి.

ఈ తేడా పట్టింపు కోసం చెబుతున్నది కాదు. పై కుటుంబానికి అద్దె, మెయింటెనెన్సు కలిపి 15,500, కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాసు 10,000, కరెంటు, ఫోను, ఇంటర్నెట్ 2,000, పెట్రోలు, బస్సు 2,500, బీమా 600, జూన్‌లో కట్టే స్కూలు ఫీజును పన్నెండు నెలలకు పరిస్తే 3,000. మొత్తం 33,600. అవసరాలు అప్పటికే అరవై శాతం అయ్యాయి. వాటికి ఫోను వాయిదా చేర్చి 36,100 చేసి, సరదాలకు ముప్పై శాతం, అంటే 16,680, అలాగే ఉంచితే మిగిలేది 2,820. పీఎఫ్ ఒక్కటే అంతకన్నా ఎక్కువ కనుక, ఆ ఇల్లు ప్రతి నెలా 180 రూపాయలు ఎక్కడో అప్పు చేస్తున్నట్టే లెక్క. అదే వాయిదాను సరదాల్లో వేసి, పొదుపు 11,120ని ముందే కదపకుండా పెడితే, సరదాలకు 10,880 మిగులుతుంది. ఫోను పోగా 8,380. సినిమాలకూ, బయటి తిండికీ, బట్టలకూ అదే హద్దు. అంటే ఈ ఇంటికి నప్పే విభజన దాదాపు అరవై, ఇరవై, ఇరవై. తగ్గవలసిన ముక్క సరదాలది, పొదుపుది కాదు.

క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవారికి ఒక్క మాట: కనీస చెల్లింపుకు మించి కట్టేదంతా ఇరవై శాతంలోంచే పోవాలి. నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ వేసే బాకీని మోస్తూ, ఏడాదికి ఆరేడు శాతం ఇచ్చే డిపాజిట్ వేసుకోవడం దండగ.

చిట్టీ విషయంలో సందేశం సగం నిజం చెప్పింది. లక్ష రూపాయల చిట్టీ, నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు అనుకుందాం. పాట పాడుకోనంత వరకు కట్టేది పొదుపే. ఆరో నెలలో 20,000 తగ్గించి పాడుకుని 80,000 ఎత్తుకున్నవారికి ఆ రోజు నుంచి ఆ చిట్టీ అప్పు. మిగిలిన పద్నాలుగు నెలలకు కట్టవలసిన 70,000, డివిడెండ్ల మేరకు కాస్త తగ్గినా, తిరిగి చెల్లించడమే తప్ప కూడబెట్టడం కాదు. ఎత్తిన సొమ్ము డిపాజిట్‌లో ఉంటే వేరు సంగతి; అది ఇంట్లో పెళ్ళికి ఖర్చయిపోయాక కూడా నెలనెలా కట్టే అయిదు వేలను పొదుపు పద్దులో రాస్తున్నవారు, ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టుకుంటున్నారు. చిట్టీ రిజిస్టరైనదా కాదా అన్నది దీనికన్నా ముందే చూసుకోవలసిన విషయం.

బంగారానికి కూడా ఇలాంటి గీతే ఉంది. నాణెం, బిళ్ళ కొంటే పొదుపు అనవచ్చు. నగ కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ కలిసి బిల్లులో చేరతాయి, అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. పైగా ఎంత ఇరుకులో పడ్డా బీరువాలోంచి తీసి అమ్మడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోని హారం, నా దృష్టిలో, సరదాల కిందికే వస్తుంది. అది తప్పని అనడం లేదు, దాని పద్దు వేరని మాత్రమే అంటున్నాను.

«జీతం ఎంతైనా ఇదే లెక్క» అన్న సందేశంలోని చివరి మాటకు జవాబు చిన్నది. నెలకు 18,000 వచ్చే ఇంట్లో అద్దె, తిండికే 15,000 పోతుంటే అవసరాలు సగానికి దిగవు. అక్కడ మిగిలిన 3,000లో వెయ్యి పక్కన పెట్టగలిగినా మంచి లెక్కే. నెలకు రెండు లక్షలు వచ్చేవారు సరదాలకు 60,000 ఖర్చు పెట్టి తీరాలని కూడా ఎక్కడా లేదు. ముప్పై అన్నది పై హద్దు.

లెక్క మొదలుపెట్టవలసింది శాతాలతో కాదు. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ చెల్లింపులు తీసి, ఒక్కో ఖర్చు పక్కన అ, స, పొ అని రాసుకుంటూ పోతే అసలు నిష్పత్తి బయటపడుతుంది. బండి బీమా, పండుగ బట్టలు, పెళ్ళిళ్ళలో చదివింపుల వంటివి ఆ మూడు నెలల్లో కనపడకపోవచ్చు కనుక, ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి విడిగా చేర్చుకోవాలి. మన ఉదాహరణలోని కుటుంబం జీతం పడిన మర్నాడే 8,120 మరో ఖాతాకు వెళ్ళేలా బ్యాంకులో ఆదేశం ఇచ్చి, స్కూలు ఫీజు 3,000ను కూడా ఆ రోజే రికరింగ్ డిపాజిట్‌కు పంపితే, రోజువారీ ఖాతాలో ఉండేది 40,880.