వీలునామా డిపాజిట్ చేశాక అసలు ఏం జరుగుతుందంటే

“వీలునామా కవర్లో పెట్టి సీల్ వేసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేయండి. మనం పోయాక వాళ్లే పిల్లల్ని పిలిచి ఒరిజినల్ చేతికిస్తారు. గవర్నమెంటు దగ్గరున్న వీలునామాని కోర్టులో కూడా ఎవరూ కాదనలేరు.”

మన వైజాగ్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఇది తెగ తిరుగుతోంది. నమ్మి ఇబ్బంది పడేది పెద్దవాళ్ల పిల్లలు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు ఆఫీసు సంగతి. సూపర్ బజార్, మధురవాడ, గాజువాక సబ్ రిజిస్ట్రార్ల దగ్గర వీలునామా రిజిస్టర్ చేయించుకోవచ్చు. సీల్డ్ కవర్ డిపాజిట్ వేరే పని, అది 1908 రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయాలి. కవర్ మీది వివరాలు, ఇచ్చిన తేదీ, గంట, మిమ్మల్ని గుర్తించినవాళ్ల పేర్లు 5వ నంబరు పుస్తకంలో ఎక్కించి, కవర్‌ని నిప్పంటుకోని పెట్టెలో దాస్తారు. లోపల ఏముందో మాత్రం చూడరు.

ఇక పిలవడం అంటారా, ఎవరూ పిలవరు. ఎంవీపీ కాలనీ ఫ్లాటుని ఒక పెద్దాయన కూతురికి రాసి డిపాజిట్ చేశారనుకోండి. ఆయన పోయాక ఆ అమ్మాయే డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి, కవర్ తెరవమని 45వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. మరణం నిజమేనని తేలాక రిజిస్ట్రార్ ఆమె ఎదుటే తెరిచి, ఆమె ఖర్చుతోనే 3వ నంబరు పుస్తకంలోకి నకలు ఎక్కిస్తారు. ఒరిజినల్ మళ్లీ ఆఫీసులోనే ఉండిపోతుంది, ఆమెకి దొరికేది సర్టిఫైడ్ కాపీ. జీవీఎంసీలో ఇంటి పన్ను పేరు మార్పుకి ఆ కాపీతోనే దరఖాస్తు చేసుకోవాలి. విశాఖలోని ఆస్తి మీద హిందువులు రాసిన వీలునామాకి ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు.

అసలు ప్రమాదం మూడో మాటలో ఉంది. అన్నయ్య వచ్చి “అది నాన్న సంతకం కాదు” అంటే, డిపాజిట్ అయిందన్న ఒక్క కారణంతో కోర్టు ఒప్పుకోదు. ఒరిజినల్‌ని కోర్టు ఆర్డరుతో తెప్పించాలి, సంతకం చేసిన సాక్షుల్లో బతికున్నవాళ్లు ఒకరైనా వచ్చి చెప్పాలి. ఇద్దరూ పోయి ఉంటే కనీసం ఒక సాక్షి చేతిరాతనీ, రాసినాయన సంతకాన్నీ వేరేగా రుజువు చేసుకోవాలి. ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. వీలునామాకి ఇద్దరు సాక్షులుండాలి, ఈయన ఒక్కరితోనే సంతకం పెట్టించి సీల్ వేసేస్తే, లోపల చూసేవాళ్లు లేరు కాబట్టి ఆ తప్పు ఆయన పోయాకే బయటపడుతుంది, అప్పటికి సరిదిద్దే మనిషి ఉండడు, ఫ్లాటు హిందూ వారసత్వ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్లిద్దరికీ, తల్లి ఉంటే ఆమెకీ సమానంగా వెళ్తుంది.

బతికుండగా కవర్‌ని వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోకపోయినా తర్వాత ఇంకో వీలునామా సరిగ్గా రాస్తే అదే చెల్లుతుంది. అందుకే సీల్ వేసేముందే సాక్షుల సంతకాలు చూపించి తెలిసిన వకీలుతో సరిచూసుకోండి. సాక్షుల పేర్లూ అడ్రసులూ, కవర్ ఏ ఆఫీసులో ఏ తేదీన ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, నమ్మకమైన వాళ్లకి ఇప్పుడే ఇచ్చి ఉంచండి.