థ్యాంక్స్ ఫర్ యువర్ హెల్పింగ్, ఇంకో ముద్ద వేయమంటారా?

కడపలో ఎండల మీద, ఏడు రోడ్ల కూడలి కాడ ట్రాఫిక్కు మీద రాసేవాళ్ళు శానామంది ఉండారు కాబట్టి అట్లాంటి చిన్న సమస్యలు వాళ్ళకే వదిలేసి నేను ఒక పెద్ద సమస్య ఎత్తుకుంటాండా. ఆఫీసు మెయిల్లో ఆఖర్న థ్యాంక్స్ చెప్పే లైను. మెయిలంతా బాగానే రాస్తాం, అటాచ్‌మెంట్ కూడా మర్చిపోం, తీరా ఆ లైను కాడికొచ్చేసరికి రైలు పట్టా దిగుతాది.

మొన్న నెలాఖర్న మా ఆఫీసులో స్టాకు లెక్క తేలక మూడు రోజులు తిప్పలు పడినాం. సిస్టంలో 412 సిమెంటు బస్తాలు, గోడౌన్లో నిలబడి ఎన్నిసార్లు లెక్కబెట్టినా 397. ఆ 15 బస్తాలు మా స్టోర్స్ అన్న ఇంటికి మోసుకుపోయినాడేమో అన్నట్టు అందరూ ఆయన్నే చూస్తాండారు, ఆయనకేమో అన్నం దిగడంలేదు. చివరికి హైదరాబాద్ హెడ్డాఫీసులో ఒక మేడం ఓపిగ్గా పాత చలాన్లన్నీ తిరగేసి, తడిసిపోయినాయని వెనక్కి పంపిన 15 బస్తాలకు రిటర్న్ ఎంట్రీ పడలేదని పట్టుకునింది. అన్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఆనందంలో సీసీలో తొమ్మిది మందిని పెట్టి మెయిల్ కొట్టినాడు. "డియర్ మేడం, థ్యాంక్స్ ఫర్ యూ హెల్పింగ్ ఇన్ స్టాక్ ట్యాలీ."

పది నిమిషాలకు ఆ తొమ్మిది మందిలో ఉన్న మా జోనల్ మేనేజర్ రిప్లై ఆల్ కొట్టినాడు. ఒకే మాట, పక్కన ప్రశ్న గుర్తు. "యువర్?"

"ఏందప్పా ఇది, యువర్ అంటే ఏం యువర్, నాదేం కావాలంట ఆయనకి?" అని అన్న నా టేబుల్ కాడికి వచ్చినాడు. నేను డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీష్ చదివినానని ఆఫీసులో ఒక పుకారు ఉండాది, దాన్ని నేనెప్పుడూ ఖండించలేదు.

ఇక్కడ నేను మా అన్న తరఫున ఒకమాట చెప్పాల. ఆయన రాసింది తప్పే, కానీ తెలీక తోచినట్టు రాసేసిన తప్పు కాదు, చానా పద్ధతిగా చేసిన తప్పు. తెలుగులో మనం ఏమంటాం? "మీరు సాయం చేసినందుకు థ్యాంక్స్" అంటాం. మీరు. "మీ సాయం చేసినందుకు" అంటే అదేదో పరాయి ఊరి తెలుగు మాదిరి ఉంటాది. మీ అనేది రావాలంటే పక్కన క్రియ పోయి నామవాచకం రావాల, "మీ సాయానికి థ్యాంక్స్" అని. అంటే చేయడం, చేసినందుకు, రావడం, చెప్పడం ఇట్లాంటివి వస్తే మీరు, సాయం, రాక, మాట ఇట్లాంటివి వస్తే మీ. మన చెవికి ఇది చిన్నప్పటినుంచి తెలుసు, ఎవరూ నేర్పలేదు. మా అన్న చెవి ఆ హెల్పింగ్ అనేదాన్ని విని ఇది చేయడం జాతి అని పట్టేసి, దానికి మీరు కట్టబెట్టింది, ఆ మీరు ఇంగ్లీషులోకి పోయి యూ అయింది. ఇంగ్లీషులో ఆ ఇంగ్ మాటను జెరండ్ అంటారు, అది సగం క్రియ సగం నామవాచకం. దానికి చేసేవాళ్ళను తగిలించాల్సి వస్తే పాత పద్ధతిలో యూ పెట్టరు, యువర్ పెడతారు. అంటే మనం మీరు అనే చోట వాళ్ళు మీ అంటారు. తగువంతా ఆ ఒక్క రు కోసం.

1820లో బ్రౌన్ దొర మా కడపకొచ్చి, బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టుకుని మన మీరూ మీ అంతా నేర్చుకుని, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చేసినాడు. రెండు వందల ఏళ్ళకు మా అన్న అదే ఊళ్ళో కూర్చుని ఆ బాకీ తీరుస్తాంటే ఎవరో యువర్ అంటూ అడ్డం పడడం ఏం న్యాయమో నాకర్థం కాదు.

సరే, అన్న పట్టుదల మనిషి. అప్పటికప్పుడు రెండో మెయిల్ పెట్టినాడు. "థ్యాంక్స్ ఫర్ యువర్ హెల్పింగ్." పెట్టేసి నా తట్టు చూసి మీసం మీద చెయ్యి కూడా వేసినాడు.

ఇప్పుడు ఇంకా పెద్ద గుంటలో పడినాం. ఎందుకంటే యువర్ తగిలిన వెంటనే ఆ హెల్పింగ్ పూర్తిగా నామవాచకం మాదిరి కనపడతాది, ఇంగ్లీషులో హెల్పింగ్ అనే నామవాచకం నిజంగానే ఒకటి ఉండాది, దాని అర్థం వడ్డన. ఒకసారికి పళ్ళెంలో పెట్టేంత తిండి. సెకండ్ హెల్పింగ్ అంటే మారు వడ్డించుకోవడం. కాబట్టి మా అన్న హైదరాబాద్ మేడంకి జోనల్ మేనేజర్ సాక్షిగా చెప్పింది ఏందంటే, అమ్మా మీరు పెట్టిన సంగటి ముద్దకు ధన్యవాదాలు. వ్యాకరణం ప్రకారం యువర్ హెల్పింగ్‌ని పూర్తిగా తప్పనలేం గానీ, థ్యాంక్స్ తర్వాత మామూలుగా ఎవరూ అట్లా రాయరు, రాస్తే ఎవరో లెక్కబెట్టి యువర్ అతికించినట్టు ఉంటాది.

అన్నకు ఈ ముద్ద సంగతి చెప్తే ఒప్పుకోలేదు. "మరి మన మేనేజర్ సారు ప్రతి సర్క్యులర్ కింద థ్యాంక్స్ ఫర్ యువర్ అండర్‌స్టాండింగ్ అని పెడతాడు గదా, ఆయన పెడితే ఒప్పు, నేను పెడితే సంగటా?" అన్నాడు. మంచి పాయింటే. మన ఆఫీసుల్లో ఈ రోగం పుట్టింది చానావరకు అక్కడే అని నా అనుమానం. అండర్‌స్టాండింగ్ అనేది వేషం మాత్రమే ఇంగ్ వేషం, ఆ వాక్యంలో అది పక్కా నామవాచకం, సహనం లాగా, సహకారం లాగా. దాని ముందు కైండ్ అని తగిలించి చూడు అన్నా, యువర్ కైండ్ అండర్‌స్టాండింగ్, హాయిగా కూర్చుంటాది. ఇప్పుడు యువర్ కైండ్ హెల్పింగ్ అను, యువర్ కైండ్ సెండింగ్ అను. గొంతులో చేప ముల్లు అడ్డం పడినట్టు లేదూ? కైండ్ నిలబడితే యువర్ పెట్టుకో, నిలబడకపోతే పెట్టబాక. నాకు తెలిసి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

"అయితే యూ పెట్టకూడదు, యువర్ పెట్టకూడదు, మరేం పెట్టాల?"

ఏమీ పెట్టకూడదు. అదీ అసలు సంగతి. థ్యాంక్స్ ఫర్ అన్నప్పుడే థ్యాంక్స్ ఎవరికో వాళ్ళే పని చేసినవాళ్ళని ఆ మాటలోనే ఉండాది, మళ్ళీ యూ కోసం వేరే కుర్చీ వేయనక్కర్లేదు. థ్యాంక్స్ ఫర్ హెల్పింగ్, అంతే. లేదా నామవాచకంలోకి దిగిపోయి థ్యాంక్స్ ఫర్ యువర్ హెల్ప్. నడిమధ్య నిలబడితేనే లారీ గుద్దేది. సారీకి కూడా ఇదే లెక్క, సారీ ఫర్ మీ కమింగ్ లేట్ అని రాసే తమ్ముడొకడు ఉండాడు మా దాంట్లో, లేటుగా వచ్చింది వాడే అని మెయిల్ చూడకముందే అందరికీ తెలుసు, ఆ ఇంగ్లీషు మీ తీసేస్తే సరిపోతాది.

అన్న మొహం చిన్నబుచ్చుకుని, "అట్ల మీరు అనేది తీసేస్తే మర్యాదగా ఉండదు గదప్పా" అన్నాడు. అప్పుడు నేను ఆయన ఫోనే తీసి ఆయనకే చూపించినా. ముందురోజు నా బండి ఇచ్చినందుకు వాట్సాప్‌లో నాకు పెట్టిన మెసేజ్. "బండి ఇచ్చినందుకు థ్యాంక్సప్పా." దాంట్లో నువ్వూ లేదు, మీరూ లేదు. తెలుగులో మాట్లాడేటప్పుడు మనమే రోజూ ఎత్తి అవతల పారేసేదాన్ని ఇంగ్లీషు మెయిల్లోకి మాత్రం ఇస్త్రీ చేసి పట్టుకుపోతాం. నా ఉద్దేశంలో తప్పు మన తెలుగుది కాదు, తెలుగులో కూడా మాట్లాడనంత బిగదీసుకుని మెయిల్ రాయడానిది.

ఈ యూ, యువర్ గొడవలో దొరలు కూడా తలలు పగలగొట్టుకున్నారు, అది విని అన్న కొంచెం ఊరట పడినాడు. ఫౌలర్ అనే ఇంగ్లీషు ఆయన 1906లోనే ఇంగ్ మాట ముందు యువర్ బదులు యూ లాంటివి పెట్టడానికి ఫ్యూజ్డ్ పార్టిసిపుల్ అని పేరు పెట్టి, 1926లో తన నిఘంటువులో దాన్ని చెడామడా ఉతికినాడు. డెన్మార్క్ నుంచి యెస్పర్సన్ అనే వ్యాకరణ పండితుడు లేచి, మీ భాషలో మంచి మంచి రచయితలే అట్లా రాసినారు గదయ్యా అని ఎదురు నిలబడినాడు. ఇంగ్లీషు వాళ్ళకు ఇంగ్లీషు ఎట్లా రాస్తారో డెన్మార్కాయన చెప్పాల్సి వచ్చిందంటే మా స్టోర్స్ అన్నది ఏపాటి నేరం చెప్పండి. కాకపోతే వాళ్ళ కొట్లాట ఆ కుర్చీలో కూర్చునేది యూనా యువరా అని. థ్యాంక్స్ ఫర్ కాడ అసలు కుర్చీయే లేదు.

ఈ చర్చ జరుగుతాంటే పక్క సీటు పాప కూడా తన లైను తెచ్చింది. "థ్యాంక్స్ ఫర్ మై లీవ్ అప్రూవింగ్." నా లీవ్ అప్రూవ్ చేసినందుకు అని తెలుగు వరస తెలుగులోనే పేర్చి పైన ఇంగ్లీషు రంగు కొట్టింది. అప్రూవింగ్ మై లీవ్ అని అటుదిటు తిప్పితే చాలు. లీవ్ మాత్రం ఎట్లాగూ వచ్చింది, పాప పెద్దగా పట్టించుకోలేదు.

సరే, ఇక్కడితో అయిపోయిందనుకున్నా. నా తప్పు ఏందంటే, థ్యాంక్స్ ఫర్ కాడ యూ తీసేయమన్నా గానీ ఎక్కడెక్కడ తీయకూడదో చెప్పలేదు. అన్న సాయంత్రం మూడో మెయిల్ పెట్టినాడు, ఈసారి జాగ్రత్తగా, ఇంటర్‌నెట్‌లో వెతికి, పాత మాట వద్దని కొత్త మాట పట్టుకుని. అక్కడ "ఐ అప్రిషియేట్ యూ హెల్పింగ్" అని ఉంటే, నేను చెప్పింది గుర్తొచ్చి యూ తీసేసి, "ఐ అప్రిషియేట్ హెల్పింగ్" అని కొట్టినాడు.

అప్రిషియేట్ వేరే జాతి అబ్బా. దానికి థ్యాంక్స్ మాదిరి ఎదుటిమనిషి దానంతట అది తెలియదు, కాబట్టి అక్కడ యూ గానీ యువర్ గానీ ఉండాల్సిందే, మామూలుగా యూ, పెద్దలకు రాసేటప్పుడు యువర్, రెండూ చెల్లుతాయి. తీసేస్తే సాయం చేసేది ఎవరో తెలియక ఆ పని రాసినవాడి మెడకే చుట్టుకుంటాది. అంటే అన్న రాసినదానికి అర్థం, నాకు సాయం చేయడమంటే ఇష్టం.

జోనల్ మేనేజర్‌కి ఈసారి తప్పేమీ కనపడలేదు. వెంటనే రిప్లై ఇచ్చినాడు, చానా సంతోషం, ప్రొద్దుటూరు గోడౌన్లో కూడా లెక్క తేలడం లేదు, ఈ ఆదివారం పోయి వాళ్ళకు కొంచెం సాయం చేయండి అని. కింద థ్యాంక్స్ ఇన్ అడ్వాన్స్ అని కూడా పెట్టినాడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు బస్టాండు నుంచి అన్న ఫోన్ చేసినాడు. అన్న ఏమన్నాడో పూర్తిగా రాయలేను గానీ, దాంట్లో నువ్వు అనే మాట మాత్రం ఎక్కడా తీసేయలేదు.