సవరణ: గ్రాట్యుటీ ప్రొవిజన్ టాప్-అప్ ఎంట్రీ

“మార్చి 31 వాల్యుయేషన్‌లోంచి ఓపెనింగ్ ప్రొవిజన్ తీసేస్తే వచ్చేదే టాప్-అప్” అని కూకట్‌పల్లి వర్క్‌షాప్ ఉదాహరణలో రాశాను. అది తప్పు, ఏడాదిలో చేసిన చెల్లింపును నేను వదిలేశాను. యాక్చువరీ రిపోర్టులో ఓపెనింగ్ నుంచి క్లోజింగ్ దాకా చూపే పట్టికలో చెల్లింపులకు విడిగా వరుస ఉంటుంది.

ఓపెనింగ్ 6,00,000. మానేసినవారికిచ్చిన 80,000 ప్రొవిజన్‌కే డెబిట్ చేశాం కాబట్టి లెడ్జర్లో మిగిలింది 5,20,000. వాల్యుయేషన్ 7,10,000. కాబట్టి టాప్-అప్ 1,90,000, నేను చెప్పిన 1,10,000 కాదు.

గ్రాట్యుటీ ఖర్చు ఖాతా డెబిట్ 1,90,000
గ్రాట్యుటీ ప్రొవిజన్ ఖాతా క్రెడిట్ 1,90,000

పాత లెక్కతో క్లోజింగ్ 6,30,000 దగ్గరే ఆగుతుంది. రిపోర్టుతో తేడా సరిగ్గా చెల్లింపు అంతే ఉంటే పొరపాటు ఇక్కడే. ఈ లెక్క విడిగా ఫండ్ పెట్టని సంస్థలకే.

లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కూ ఇదే పద్ధతి, కాని లెడ్జర్ వేరు. రెండూ కలిపేస్తే ఆడిట్‌లో విడదీయలేక తల పట్టుకోవాలి.